‘గ్రూప్-2 మళ్లీ వాయిదా?’ అని నేను పెట్టిన హెడ్‌లైన్‌ల తప్పు ఏడున్నది

హిమాయత్‌నగర్‌ల మేం పనిచేసే ఆఫీసు కింద ఓ చాయ్ బండి ఉంటది. హాస్టళ్లల్ల ఉండి కోచింగ్‌లకు పోయే పోరగాళ్లు పొద్దుగూకంగ గక్కడ్నే నిలబడ్తరు. 2024 డిసెంబర్ మొదట్ల ఒకరోజు నేను చాయ్ తాగుతుంటే, పక్కన ఒక పోరడు ఫోన్‌ల మాట్లాడుతున్నడు. "గ్రూప్-2 మళ్ల వాయిదా వడ్డదట, నేను ఊరికి పోతున్న" అన్నడు. భుజానికి బ్యాగు కూడా ఉన్నది. "ఎవలు చెప్పిన్రు తమ్మీ?" అని అడిగిన. ఫోన్ తిప్పి చూపెట్టిండు. పొద్దుగాల నేను రాసిన హెడ్‌లైనే అది.

"పరీక్ష ఉన్నది తమ్మీ, లోపల చదువు" అన్న. "లోపల ఎవలు చదువుతరన్నా, వాట్సప్‌ల ఇంతే వచ్చింది" అన్నడు.

ఆ హెడ్‌లైన్ ఇది: "గ్రూప్-2 మళ్లీ వాయిదా? హైకోర్టులో కీలక పరిణామం".

అసలు జరిగింది ఏంటిదంటే, గ్రూప్-2 నోటిఫికేషన్ 783 పోస్టులకు 2022 డిసెంబర్‌ల వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టుల అన్నరు, తర్వాత నవంబర్ అన్నరు, మళ్ల 2024 జనవరి, ఆ తర్వాత ఆగస్టు. నాలుగు సార్లు ఆగింది. ఆఖరికి డిసెంబర్ 15, 16 తేదీలు పెట్టిన్రు. 16న రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష కూడా ఉన్నదని, గ్రూప్-2 వాయిదా వెయ్యాలని కొందరు అభ్యర్థులు హైకోర్టుకు పోయిన్రు. నేను హెడ్‌లైన్ రాసిన పొద్దుకు జరిగింది అంతే. కోర్టు ఏం చెప్పలే, టీజీపీఎస్సీ ఏం మార్చలే. పిటిషన్ మాత్రం పడ్డది.

నేను రాసిన దాంట్ల అబద్ధం ఏడున్నదని ఎవలన్న నిలదీస్తే చూపెట్టలేరు. వాయిదా పక్కన ప్రశ్న గుర్తు ఉన్నది. పిటిషన్ పడుడు పరిణామమే. గందుకే అప్పుడు నాకు తప్పనిపించలే. కానీ తప్పు వాయిదా అనే మాట కాడ్నే ఉన్నది.

మన తెలుగుల క్రియ వాక్యం చివరికి వస్తది. హెడ్‌లైన్ పొట్టిగ చెయ్యాలంటే ముందుగాల గదాన్నే కోస్తం. "గ్రూప్-2 వాయిదా" అని ఆపితే వాయిదా పడ్డదా, వెయ్యాలని అడుగుతున్నరా, వేసే ఆలోచన ఉన్నదా తెల్వదు. చదివేటోని మనసుల ఏ భయమో ఏ ఆశో ఉంటే గా క్రియను వాడే అతికించుకుంటడు. నాలుగు సార్లు వాయిదా చూసినోడు "పడ్డది" అనే అతికించుకుంటడు. రద్దు, పెంపు, సెలవు, మాఫీ అన్నీ గిసొంటి మాటలే. "పింఛన్ పెంపు" అని రాస్తే జీవో వచ్చినట్టా, మంత్రి మీటింగ్‌ల అన్నట్టా?

ప్రశ్న గుర్తు ఇంకో సంగతి. ఫోన్‌ల చూసేటోనికి గది కానరాదు, కానొచ్చినా గుర్తుండదు. నోటితోటి ఒకనికి ఒకడు చెప్పుకునేటప్పుడు అసలే ఉండదు. "వాయిదానట" అనే పోతది. అందుకే ఇప్పుడు నేను రాసిన హెడ్‌లైన్‌ను పైకి చదివి పక్క డెస్క్ మీద ఉన్నామెకు వినిపిస్త. ఆమెకు ఏం అర్థమైందో తిరిగి చెప్పమంట. ఆమె చెప్పింది వార్తల లేకుంటే, తప్పు ఆమెది కాదు.

సరే, గా హెడ్‌లైన్‌ను ఎట్ల మార్చాలె? ముందుగాల ఇట్ల అనుకున్న: "గ్రూప్-2 వాయిదా వేయాలని హైకోర్టులో పిటిషన్, పరీక్ష తేదీల్లో మార్పు లేదు". మాటలన్నీ నిజమే. కానీ నోటిఫికేషన్‌ల తెలుగు అక్షరాలు జాగ ఎక్కువ తింటయ్. సగం కాంగనే చుక్కలు పడ్తయ్. అప్పుడు మిగిలేది "గ్రూప్-2 వాయిదా వేయాలని…" మళ్ల వాయిదానే కండ్ల పడ్తది. గందుకే వరుస తిప్పాలె: "గ్రూప్-2 డిసెంబర్ 15, 16నే: వాయిదా కోరుతూ హైకోర్టుకు అభ్యర్థులు". ఇది ఏడ తెగినా ముందల ఉన్న నాలుగు మాటలు నిజమే చెప్తయ్. తేదీ ఉండుడు వల్ల ఇంకో లాభం ఉన్నది. గ్రూప్-2 వాయిదా మీద పాత వార్తలు చానా ఉన్నయ్, ఎవడో ఒకడు ఏడాది కిందటిది తీసి గ్రూపుల ఏస్తడు. హెడ్‌లైన్‌ల నెల, తేదీ ఉంటే అది పాతదని ఎంబడే తెలుస్తది.

ఇగ "కీలక పరిణామం" సంగతి. "ఆ జిల్లాల స్కూళ్లకు సెలవు", "రేషన్ కార్డు ఉన్నోళ్లకు బిగ్ అలర్ట్", ఇవన్నీ ఒక్క ఇంటివే. ఏ జిల్లా, ఏం అలర్ట్ అనేది దాచిపెట్టి తెరువమంటయ్. నేను చేసే పరీక్ష ఏంటిదంటే, "ఆ" అన్న కాడ అసలు పేరు పెట్టి చూస్త. "ములుగు జిల్లా స్కూళ్లకు రేపు సెలవు" అని పెట్టినంక కూడా ములుగోళ్లు తెరుస్తరు. మిగిలినోళ్లు తెరువరు. తెరువద్దు కూడా, వాళ్లకు అందుల పనేం లేదు. పేరు పెట్టంగనే ఎవలికీ అక్కర్లేకుంట అయితే, హెడ్‌లైన్ కాదు, వార్తనే లేదన్నట్టు.

2016ల ఫేస్‌బుక్ గిట్ల దాచిపెట్టే హెడ్‌లైన్లను, ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పేటివాటిని కిందికి తోస్తమని చెప్పింది. తర్వాతి ఏడాది ఇంగ్లిష్ కాని భాషలకూ దాన్ని తెస్తున్నమన్నది. అయినా మన తెలుగు ఫీడ్‌ల "ఆ హీరోయిన్‌కు షాక్" ఇయ్యాల కూడా కానొస్తనే ఉన్నది. మెషిన్ పట్టుకుంటదని కూసుంటే అయ్యేది కాదు.

మా సీనియర్ ఒకాయన గప్పట్ల నన్ను అడిగిండు, "అన్నీ పైననే చెప్తే లోపలికి ఎవడొస్తడు?" అని. ప్రశ్న ఒప్పే. నా జవాబు ఇది: ఏమైందో పైన చెప్పాలె, ఎట్లైంది, ఇగ మనం ఏం చెయ్యాలె అనేది లోపల పెట్టాలె. గ్రూప్-2 వార్తనే చూడుండ్రి. పరీక్ష 15, 16నే అని తెలిసినోనికి ఇంకా తెలుసుకునేటివి ఉంటయ్. పిటిషన్‌ల ఏం అడిగిన్రు, 16న రెండు పరీక్షలూ ఉన్నోడు ఏం జెయ్యాలె? దానికోసం వస్తడు, వచ్చినోడు ఆఖరు దాక చదువుతడు. అయితే హెడ్‌లైన్‌ల చెప్పింది మొదటి పేరాలనే దొరకాలె. ఏడో పేరా దాక ఉరికిస్తే అది కూడా మోసమే.

లెక్కల కాడ దాచకుంట చెప్త. మొదటి దినాలు క్లిక్కులు తగ్గినయ్. ప్రశ్న గుర్తు హెడ్‌లైన్‌కు వచ్చేంత మంది సాఫ్ హెడ్‌లైన్‌కు రాలే. కానీ క్లిక్కుల పక్క పొంటి ఇంకో అంకె ఉంటది, పేజీల ఎంతసేపున్నరు అనేది. నా పాత హెడ్‌లైన్ల కింద చానామంది వచ్చుడు వచ్చుడే తిరిగిపోయేటోళ్లు. తెరిచేటోళ్లు పెరిగి, ఉండే టైం పడిపోతే, లోపల మాల్ లేదని చదివినోళ్లు చెప్తున్నట్టే. ఇది మటుకు అన్నిటికీ పనిచెయ్యదు. "ములుగుల సెలవు" లాంటి వార్త పది సెకండ్ల అయిపోతది, ఆడ టైం తక్కువుంటే తప్పు పట్టద్దు.

ఆ వారంలనే హైకోర్టు గ్రూప్-2 వాయిదాకు ఒప్పుకోలే. ఈసారి నేను పెట్టింది: "గ్రూప్-2 డిసెంబర్ 15, 16నే: వాయిదాకు ఒప్పుకోని హైకోర్టు". పరీక్ష గా తేదీలల్లనే అయింది. అప్లై చేసినోళ్లల్ల సగం మంది కూడా రాయలే. దానికి కారణాలు మస్తున్నయ్, అందరూ హెడ్‌లైన్లు చూసే ఆగిన్రని నేననను. చాయ్ బండి కాడ గా పోరడు ఆ సాయంత్రం బ్యాగు పట్టుకొని హాస్టల్‌కే మర్రిండు. అదే లింక్ చూసి అప్పటికే బస్సెక్కినోళ్లు ఎంతమందో నాకు తెల్వది.