కృష్ణా జిల్లాలో క్రైమ్ రేట్ ఒక్క ఏడాదిలో 124 శాతం పెరిగిందా?

విజయవాడలో డిగ్రీ చదివే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మా జిల్లాలో నేరాలు పెరిగాయా తగ్గాయా అని అసైన్‌మెంట్ ఇచ్చారు. రేటు, శాతం, గ్రాఫ్ మూడూ కావాలంట. షీట్‌లో ఎలా వేయాలి?" ఫార్ములాలు రెండే, ఐదు నిమిషాల పని. కానీ కృష్ణా జిల్లా విషయంలో ఒక మెలిక ఉంది. అది తెలియకపోతే ఫార్ములా కరెక్టుగా ఉన్నా జవాబు తప్పు వస్తుంది. ముందు ఫార్ములాలు చూద్దాం, తర్వాత మెలిక దగ్గరికి వద్దాం.

గూగుల్ షీట్స్ తెరిచి A లో సంవత్సరం, B లో కేసులు, C లో జనాభా పెట్టుకోండి. ప్రాక్టీసుకి దేశం మొత్తం లెక్క తీసుకుందాం. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో, అంటే ఎన్‌సీఆర్‌బీ, ఏటా వేసే "క్రైమ్ ఇన్ ఇండియా" రిపోర్టు ప్రకారం 2019లో 51,56,158 కేసులు, 2020లో 66,01,285 కేసులు. జనాభా అంచనా 2019కి 133.76 కోట్లు, 2020కి 135.34 కోట్లు. జనాభాని కోట్లలో కాకుండా పూర్తి అంకెలుగా కొట్టండి: 1337600000, 1353400000. మన దేశంలో క్రైమ్ రేట్ అంటే లక్ష జనాభాకి ఎన్ని కేసులు అని. D2 లో ఇలా రాసి కిందికి లాగండి:

```
=B2/C2*100000
```

2019కి 385.5, 2020కి 487.8 వస్తాయి. రిపోర్టులో ఉన్నవీ ఇవే. ఇక మార్పు శాతం E3 లో:

```
=(D3-D2)/D2*100
```

26.5 వచ్చిందా? ఇదే ఫార్ములా D బదులు B మీద వేస్తే 28.0 వస్తుంది. కేసులు 28 శాతం పెరిగాయి, కానీ జనాభా కూడా కొంచెం పెరిగింది కాబట్టి రేటు 26.5 శాతమే పెరిగింది. అసైన్‌మెంట్‌లో ఏది రాస్తున్నారో పేరుతో చెప్పండి, "నేరాలు ఇంత శాతం పెరిగాయి" అని ఊరికే రాసేయకండి. కింద ఎప్పుడూ పాత సంవత్సరమే ఉండాలన్నది కూడా గుర్తుపెట్టుకోండి. చాలామంది కంగారులో D3 తో భాగించేస్తారు.

అన్నట్టు, 2020లో అంత పెరుగుదల ఎందుకు? లాక్‌డౌన్. ప్రభుత్వ ఉత్తర్వులు ఉల్లంఘిస్తే అప్పట్లో పెట్టిన ఐపీసీ 188 సెక్షన్ కేసులు ఒక్క ఏడాదిలో 29,469 నుంచి 6,12,179కి వెళ్లాయి. మొత్తం పెరుగుదలలో 40 శాతం ఈ ఒక్క సెక్షనే. అంటే గ్రాఫ్‌లో ఆ ఏడాది కనిపించే కొండలో పెద్ద భాగం దొంగతనాలో దాడులో కాదు, లాక్‌డౌన్ రూల్స్ తప్పిన కేసులు. మీ గ్రాఫ్‌లో 2020 ఉంటే కింద ఈ ఒక్క వాక్యం రాయండి.

ఒక చిన్న ఇబ్బంది. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే కొన్ని అంకెలు స్పేస్‌తోనో, పక్కన ఏదో గుర్తుతోనో వస్తాయి. షీట్ వాటిని అక్షరాలు అనుకుంటుంది. గుర్తుపట్టడం తేలికే: మామూలు అంకె గడిలో కుడివైపుకి ఉంటుంది, ఇది ఎడమవైపుకి అతుక్కుని ఉంటుంది. SUM వేస్తే దాన్ని చెప్పా పెట్టకుండా వదిలేస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు. అలాంటివి చెరిపేసి చేత్తో కొట్టుకోవడమే మంచిది.

ఇప్పుడు మన జిల్లా. 2011 జనాభా లెక్కల్లో కృష్ణా జిల్లా జనాభా 45.17 లక్షలు. విజయవాడ, మచిలీపట్నం, గుడివాడ, నూజివీడు అన్నీ అందులోవే. కానీ పోలీసు లెక్కల్లో విజయవాడ సిటీ ఎప్పటినుంచో వేరు, అక్కడ కమిషనరేట్ ఉంది. అందుకే ఎన్‌సీఆర్‌బీ జిల్లా పట్టికలో "కృష్ణా" ఒక వరుస, "విజయవాడ సిటీ" ఇంకో వరుస. అంటే పాత పట్టికలో కృష్ణా వరుసలో విజయవాడ కేసులు లేవు, కానీ మీరు పెట్టిన 45.17 లక్షల్లో విజయవాడ జనం ఉన్నారు.

అది చాలదన్నట్టు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా వచ్చింది, 2011 లెక్కల ప్రకారం సుమారు 22.18 లక్షల మంది. మచిలీపట్నం కేంద్రంగా కొత్త కృష్ణాలో సుమారు 17.35 లక్షలు. నూజివీడు, కైకలూరు వైపు మిగతా ఐదున్నర లక్షల పైచిలుకు ఏలూరు జిల్లాకి వెళ్లారు. పేరు అదే "కృష్ణా", నేల వేరు.

దీనివల్ల ఏమవుతుందో చూడండి. ఇక్కడ కేసుల అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి, నిజమైనవి కావు. 2021లో కృష్ణా వరుసలో 4,034, విజయవాడ సిటీలో 5,000 అనుకుందాం. 2022లో కృష్ణా వరుసలో 3,470. ఒకరు కృష్ణా వరుస ఒక్కటే తీసుకుని, 2021కి 45.17 లక్షలతో, 2022కి 17.35 లక్షలతో భాగించారు. మొదటిది 89.3, రెండోది 200. మార్పు 124 శాతం! కేసులేమో 14 శాతం తగ్గాయి. గ్రాఫ్ చూసినవాళ్లకి బందరు నుంచి గుడివాడ దాకా అరాచకం రాజ్యమేలుతున్నట్టు కనిపిస్తుంది.

2021కి రెండు వరుసలూ కలిపితే 9,034. దాన్ని 45.17 లక్షలతో భాగిస్తే 200. పెరుగుదల మాయమైంది. ఇందులో పెద్ద తెలివేం లేదు, పైన ఏ ఏరియా కేసులు పెట్టామో కింద అదే ఏరియా జనాభా పెట్టాం. అలాగని "2021లో 200, 2022లో 200, మార్పు సున్నా" అని కూడా రాయకూడదు. మొదటి 200 పాత ఉమ్మడి జిల్లాది, రెండోది కొత్త చిన్న జిల్లాది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు కానీ ఒకే గీతలో కలపకూడదు. పైగా 2022లో మొదటి మూడు నెలలు పాత హద్దులే, ఆ ఏడాది అంకెలో రెండూ కలిసిపోయి ఉండొచ్చు.

గ్రాఫ్‌లో దీన్ని చూపించడం ఎలా? రేటుని రెండు కాలమ్స్‌గా విడగొట్టండి. D లో 2021 వరకు పాత ఏరియా, E లో 2022 నుంచి కొత్త ఏరియా (మార్పు శాతాన్ని F కి జరపండి). మిగతా గడులు ఖాళీగా వదలండి, సున్నా మాత్రం వేయొద్దు. సున్నా వేస్తే గీత నేలకి పడిపోతుంది. A, D, E సెలెక్ట్ చేసి లైన్ చార్ట్ పెడితే రెండు రంగుల్లో రెండు గీతలు, మధ్యలో ఖాళీ వస్తాయి. పైన ఎక్కడో 2000 దగ్గర తిన్నగా ఒక గీత కనిపిస్తే సంవత్సరాలని కూడా డేటా అనుకుందని అర్థం. లాప్‌టాప్‌లో చార్ట్ ఎడిటర్ తెరిచి `Use column A as labels` టిక్ పెట్టండి. నిలువు యాక్సిస్ కనిష్ఠం 0 ఉంచండి, లేకపోతే 195 నుంచి 205కి మార్పు కూడా తాడిచెట్టంత కనిపిస్తుంది.

మా సార్‌కి తెగని ఒకే గీత కావాలి అంటారా? అప్పుడు జిల్లా వదిలేసి ఆంధ్రప్రదేశ్ మొత్తం తీసుకోండి. రాష్ట్రం హద్దులు 2014 జూన్ 2 నుంచి స్థిరంగా ఉన్నాయి కాబట్టి 2015 నుంచి గీత హాయిగా నడుస్తుంది. కృష్ణా, ఎన్టీఆర్, ఏలూరు జిల్లాల్ని 2023కి మాత్రం పక్కపక్కన బార్ చార్ట్‌లో పెట్టండి. హత్యల్లాంటి చిన్న అంకెలకి శాతం వేసేముందు ఒకసారి ఆగండి. ఒక మండలంలో ఒకటి రెండైతే 100 శాతం పెరుగుదల అంటుంది షీట్. అక్కడ "ఒకటి నుంచి రెండు" అని రాయడమే సరి.