"ప్రైస్?" అని ఒక్క ముక్కే రాస్తే మనం ఏం జవాబివ్వాలి

పై వీడియోలో మైసూర్ మల్లిగ వడ్లు మర పట్టించడం చూపించాను కదా. ఆ బియ్యం ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెడితే వచ్చే మెసేజ్‌లు చాలావరకు ఒక్క ముక్కే. "ప్రైస్?" లేదంటే "అవైలబుల్?". రేటు పోస్టులోనే రాశాం, చదవకుండా అడుగుతారేంటని నాకూ చిరాకేసేది. తర్వాత తెలిసింది, ఆ రెండోది చాలామంది టైపు కూడా చేయరు. బటన్ మీద వేలు పెడితే "Is this available?" అని దానంతటదే వెళ్లిపోతుంది. అంటే మనిషి ఇంకా ఏమీ ఆలోచించలేదు, ఫొటో చూసి ఆగాడు, అంతే.

మొదట్లో "ఉన్నాయండి" అని రాసేవాణ్ని. మాట అక్కడే ఆగిపోయేది. "కిలో 95" అని రాస్తే ఇంకో తంటా. హైదరాబాద్ ఆయన ఒకరు బస్తా ఖాయం చేసుకున్నారు. మర పట్టించి, పార్సిల్ ఛార్జీ చెప్పేసరికి "ముందే చెప్పాలి కదండీ" అని వదిలేశారు. ఆయన తప్పేం లేదు. సింగిల్ పాలిష్ బియ్యం మీద తవుడు పొర మిగులుతుంది, అందులో నూనె ఉంటుంది కాబట్టి ఎక్కువ రోజులుంచితే ముక్కిపోతాయి, పురుగు పడుతుంది. ఆ బస్తా మా ఇంట్లోనే తిన్నాం.

ఇప్పుడు హైదరాబాద్ వాళ్లకి ఇలా పంపుతున్నా:

"ఉన్నాయండి. మైసూర్ మల్లిగ, సింగిల్ పాలిష్. కిలో 95, 25 కిలోల బస్తా 2,375. పార్సిల్ ఖర్చు మీదే, సుమారు 250. పోయిన ఖరీఫ్ వడ్లు. ఆర్డర్ వచ్చాకే మర పట్టిస్తాం, మూడు రోజులు పడుతుంది. రెండు నెలల్లో వాడుకుంటే మంచిది. మీది ఏ ఊరు, ఎన్ని కిలోలు కావాలి?"

ఏ పంటో ఎందుకు రాశానంటే, కొత్త బియ్యం అన్నం మెత్తగా ముద్దవుతుంది. చెప్పకపోతే "మీ బియ్యం బాగాలేవు" అని ఫోన్ వస్తుంది. చివర్లో ఊరు, కిలోలు అడగడం మాత్రం వదలొద్దు. నిజంగా కొనేవాళ్లు దానికే జవాబిస్తారు, మిగతావాళ్లు మాట్లాడరు, మనకూ టైం మిగులుతుంది. జీవామృతం ఎన్నిసార్లు పారించామో ఇక్కడ రాయను. అంత పొడుగు ఎవరూ చదవరు, అడిగితే వీడియో లింక్ పంపుతా.

ఇంకోమాట. ఏ వివరం అడక్కుండా "డబ్బు పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అనేవాళ్లుంటారు. డబ్బు రావడానికి మనం స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. అలా అడిగితే అక్కడే ఆపేయండి.

నేనైతే ఈ మెసేజ్‌ని ఫోన్ నోట్స్‌లో పెట్టుకుని కాపీ చేసి పంపుతా. పంపేముందు ఊరిని బట్టి పార్సిల్ రేటు మారుస్తా, గాదెలో వడ్లెన్ని ఉన్నాయో ఒకసారి చూసుకుంటా. పోయిన నెల అది మర్చిపోయి, లేని రెండు బస్తాలకి "ఉన్నాయండి" అని పంపేశాను.