స్టేట్‌మెంట్‌లో కనిపించని కోత

మ్యూచువల్ ఫండ్ కంపెనీ ఖర్చుల కోసం మదుపరికి విడిగా బిల్లు పంపదు. బ్యాంకు ఖాతాలోంచి ఏమీ కత్తిరించదు కూడా. ఫండ్ మేనేజర్ ఫీజు, రిజిస్ట్రార్ ఖర్చులు, ఏజెంటు కమీషన్ అన్నీ కలిపి ఏడాదికి ఇంత శాతమని లెక్కగట్టి, అందులో ఒక రోజు వాటాను ప్రతిరోజూ ఫండు ఆస్తుల్లోంచి మినహాయిస్తుంది. సాయంత్రం ప్రకటించే యూనిట్ ధర, అంటే ఎన్‌ఏవీ, ఆ కోత తర్వాతదే. ఈ శాతాన్నే ఎక్స్‌పెన్స్ రేషియో అంటారు. ఫండ్ నష్టాల్లో ఉన్న రోజూ ఈ కోత ఆగదు.

2013 జనవరి నుంచి ప్రతి ఫండ్‌కూ రెండు ప్లాన్లు ఉన్నాయి. రెగ్యులర్ ప్లాన్‌లో ఏజెంటుకో, బ్యాంకుకో వెళ్లే కమీషన్ కలిసి ఉంటుంది. నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్‌లో అది ఉండదు. కొనే షేర్లు, మేనేజరు మాత్రం రెండింటికీ ఒకటే.

ఒకే ఫండ్‌లో రెగ్యులర్ ప్లాన్ ఖర్చు 1.8 శాతం, డైరెక్ట్ ప్లాన్ ఖర్చు 0.8 శాతం అనుకుందాం. 5 లక్షల పెట్టుబడి మీద మొదటి ఏడాది రెగ్యులర్‌లో సుమారు 9,000 రూపాయలు, డైరెక్ట్‌లో 4,000 పోతాయి. అంటే రోజుకు పాతిక రూపాయలకు బదులు పదకొండు. చూడ్డానికి చిన్న తేడానే. కానీ ఖర్చులు తీయకముందు ఏటా 12 శాతం రాబడి వస్తే, ఇరవై ఏళ్లకు డైరెక్ట్‌లో దాదాపు 41.8 లక్షలు, రెగ్యులర్‌లో 34.9 లక్షలు చేతికొస్తాయి. తేడా సుమారు 7 లక్షలు! పోయిన డబ్బుతోపాటు, అది సంపాదించి పెట్టాల్సిన డబ్బూ పోవడమే ఇందుకు కారణం.

ఎగ్జిట్ లోడ్ సంగతి వేరు. అది తొందరగా బయటికొచ్చేవారికే పడుతుంది. చాలా ఈక్విటీ ఫండ్లలో ఏడాదిలోపు అమ్మితే 1 శాతం. సిప్ కట్టేవారు ఇక్కడే పొరబడతారు. గడువును మొదటి వాయిదా నుంచి కాకుండా, ఏ వాయిదాకు ఆ వాయిదాగా లెక్కిస్తారు. ఏడాది పాటు నెలనెలా కట్టి, పదమూడో నెలలో మొత్తం తీసేస్తే పాత వాయిదా ఒక్కటే గడువు దాటి ఉంటుంది. మిగతా పదకొండు వాయిదాల యూనిట్ల విలువ ఆ రోజుకి 58,000 ఉంటే 580 రూపాయలు తగ్గించి ఇస్తారు.

రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు మారడాన్నీ అమ్మకంగానే చూస్తారు. లాభం మీద పన్ను పడొచ్చు, గడువు నిండని యూనిట్లకు ఎగ్జిట్ లోడూ పడొచ్చు. అందుకే పాత యూనిట్లను కదిలించే ముందు ఈ రెండు లెక్కలూ వేసుకోవాలి. కొత్త పెట్టుబడిని డైరెక్ట్‌లో పెట్టడానికి ఆ అడ్డంకి లేదు.

ఏజెంటు అవసరానికి నిజంగా సలహా ఇస్తూ, మార్కెట్ పడినప్పుడు కంగారుపడి అమ్మకుండా ఆపుతుంటే ఆ కమీషన్‌కు తగిన ఫలితం ఉన్నట్టే. ఫారం నింపి పంపడంతోనే ఆయన పని అయిపోతోందా? అయితే ఆరు నెలలకోసారి వచ్చే ఉమ్మడి ఖాతా స్టేట్‌మెంట్ తీసి, స్కీమ్ పేరు పక్కన ఏ ప్లాన్ రాసి ఉందో, పంపిణీదారుకు ఎంత కమీషన్ చెల్లించారో చూడండి. ఆ మొత్తానికి తగ్గ సేవ అందిందో లేదో మీరే తేల్చుకోండి.