శనివారమా, శుక్రవారమా?

అమెరికాలో ఎమ్మెస్ చదవాలనుకునేవాళ్ల కోసం ఒక వెబినార్ అనుకుందాం. "శనివారం ఉదయం 8:30" అని మాత్రమే రాస్తే హైదరాబాద్ విద్యార్థికి చాలు. డల్లాస్ నుంచి చేరే సీనియర్‌కు మాత్రం అది జులైలో శుక్రవారం రాత్రి 10 గంటలు, జనవరిలో 9 గంటలు. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు.

అందుకే రెండు ఊళ్ల వారం, తేదీ, సమయం పక్కపక్కనే ఉండాలి.

ఎవరి కోసమో శీర్షిక కిందే చెప్పాలి: "బీటెక్ చివరి ఏడాది వాళ్లకు". అజెండాకు "వీసా 20 నిమిషాలు, ఫీజులు 20, మీ ప్రశ్నలు 20" అంటే సరిపోతుంది. నమోదుకు పేరు, ఈమెయిల్ చాలు. పుట్టిన తేదీ కూడా అడిగితే కొందరు సగంలోనే వదిలేస్తారు. లింకు ఈమెయిల్‌కు వస్తుందో, వాట్సాప్‌కు వస్తుందో బటన్ పక్కనే రాయాలి. లేకపోతే నమోదైందో లేదో తెలియక అదే మనిషి రెండోసారి నింపుతాడు.