మడమ ఎత్తు లేకపోయినా నొప్పే!

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్లు చురుక్కుమంటుంది. నాలుగడుగులు నడిచాక కాస్త సర్దుకుంటుంది. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రాయదుర్గం రైలు మారి, దిగాక ఆఫీసుదాకా నడిచే ఓ అమ్మాయిని ఊహించుకోండి. 'హైహీల్స్ ఎప్పుడో మానేశాను, ఫ్లాట్సేగా వేసుకునేది' అనుకుంటుంది తను. చిక్కంతా ఆ ఫ్లాట్స్‌తోనే!

బ్యాలే ఫ్లాట్స్‌కి లేసులుండవు, పట్టీ ఉండదు. జారిపోకుండా వేళ్లే బిగపట్టి ఉంచాలి. అడుగున పల్చని అట్టలాంటి సోల్. పాదం మధ్య వంపుకి ఏ ఆసరా ఉండదు. మడమ నుంచి వేళ్లదాకా అరికాల్లో ఓ గట్టి పట్టీలాంటి కణజాలం ఉంటుంది. అడుగడుక్కీ అది సాగి సాగి మడమ దగ్గర నొప్పి మొదలవుతుంది. దీన్నే ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. బరువు పెరగడం, గంటల తరబడి నిలబడటం, పిక్కలు బిగుసుకుపోవడం కూడా ఇందుకు కారణాలే. తప్పంతా చెప్పులదే అనలేం.

ముందు మొన తేలిన రకానిది మరో బాధ. బొటనవేలూ చిటికెన వేలూ లోపలికి నొక్కుకుపోయి ఆనెకాయలు వస్తాయి. మూడు, నాలుగు వేళ్ల మధ్య మంట, తిమ్మిరి ఉంటే అక్కడి నరం నలుగుతోందేమోనని అనుమానించాలి. చాలామంది ఒక సైజు పెద్దది కొనేస్తారు. అప్పుడు మడమ జారుతుంది, వేళ్లు ఇంకా బిగపట్టాల్సి వస్తుంది!

కొనేముందు ఇంట్లో తెల్లకాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ గీత గీసి కత్తిరించండి. దుకాణంలో జోడుని దానిమీద పెట్టి చూడండి. కాగితం పక్కలకి బయటికొస్తే ఆ జోడు మీది కాదు. మొన ఇష్టమైతే, వేళ్లు అయిపోయాక అది మొదలయ్యేది చూసుకోవచ్చు. తర్వాత చెప్పుని వంచండి. వేళ్ల మొదట్లో వంగాలి, మధ్యలో మడతపడకూడదు. తడిబట్టలా మెలి తిరిగిపోతే పక్కన పెట్టేయండి. మడమ వెనక భాగం బొటనవేలితో నొక్కినా అణగకూడదు. పాదం మీదుగా పట్టీ, మడమ కింద ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తు ఉంటే మేలు. సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి అప్పుడే కొనండి. పెద్ద పాదానికే కొలత!

పాత జోడులో మెత్తని ఇన్‌సోల్ వేసి సరిపెడదామంటే కుదరదు. లోతు తక్కువ కాబట్టి మడమ పైకి లేచి ఊడొస్తుంది. ఆ ముచ్చటైన జోడుని ఆఫీసు డ్రాయర్‌లో పెట్టుకుని, మీటింగ్‌కి వెళ్లేటప్పుడు తొడుక్కుంటే సరి.

చెప్పులు మార్చాక కూడా రెండు మూడు వారాలకి నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టరుకి చూపించాలి. మధుమేహం ఉన్నవాళ్లు మాత్రం చిన్న పుండు కనిపించినా ఆగకూడదు, పాదాల్లో స్పర్శ తగ్గి నొప్పే తెలియకపోవచ్చు.