ధర దాటని గీత దాటే సగటు

షేర్ ధరల సగటు గీత ఎప్పుడూ ధర వెనకాలే నడుస్తుంది. కొత్త ధరకు ఎక్కువ బరువు, పాతదానికి తక్కువ బరువు వేసి చూసినా, స్థిరంగా పెరిగే ధరను 16 రోజుల సగటు 5 రోజుల వెనక నుంచి చూపిస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన అలన్ హల్ దీనికి ఒక ఉపాయం చెప్పాడు.

```
HMA(n) = WMA(2*WMA(n/2) - WMA(n), sqrt(n))
```

సగం రోజుల సగటు తక్కువగా వెనకబడుతుంది. ఆ రెండు సగటుల తేడాను దానికే మళ్లీ కలిపితే వెనుకబాటు దాదాపు పూర్తిగా తీరుతుంది. ఆ కలయికలోని కుదుపులను చివరి చిన్న సగటు నున్నగా చేస్తుంది. 16 రోజుల లెక్కలో 5 రోజుల ఆలస్యం రోజులో మూడింట రెండు వంతులకు దిగుతుంది. నిజంగా అందమైన ఆలోచన.

కానీ దీనికి మూల్యం ఉంది. 100 రూపాయల దగ్గర నిలకడగా ఉన్న ధర ఒక్కరోజులో 110కి ఎగిరి అక్కడే ఆగిందనుకోండి. 4 రోజుల హల్ సగటు వరుసగా 106.22, 111.78, 111.67, 110.33 చూపి, ఐదో రోజున 110కి చేరుతుంది. ధర ఏనాడూ తాకని 111ని గీత దాటేసింది! తీసివేత వల్ల పాత ధరలకు రుణాత్మక బరువు పడడమే కారణం: పాత 100ని తీసేసేకొద్దీ ఫలితం పైకి పోతుంది. మూడో రోజు నుంచి గీత కిందికి వంగితే ధర పడుతోందని భ్రమపడతాం. ధర మాత్రం కదల్లేదు.