క్రియాటిన్ డబ్బా, క్రియాటినిన్ రిపోర్టు

సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా జిమ్‌లో కొత్తగా చేరినోడు నెల తిరగకముందే అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, క్రియాటిన్ తింటే కిడ్నీలు ఖరాబైతయట కదా?" పక్కన డంబెల్ ఎత్తుతున్నోడు "ఏం కాదు, వేస్కో" అంటాడు. ఇంట్లో అమ్మ "ఆ పొడి బయట పారెయ్" అంటుంది. ఇద్దరిలో ఎవరూ కారణం చెప్పరు.

క్రియాటిన్ స్టెరాయిడ్ కాదు. మన శరీరమే రోజూ కొంత తయారు చేసుకుంటుంది, మాంసం, చేపల నుంచి కొంత వస్తుంది. దాదాపు అంతా కండరాల్లోనే ఉంటుంది. బరువు ఎత్తే ఆ కొద్ది సెకన్లలో ఖర్చయ్యే ఏటీపీని వెంటనే తిరిగి నింపడం దాని పని. ఎనిమిదో రెప్ దగ్గర ఆగిపోయేవాడికి ఇంకొకటో రెండో రావచ్చు. అంతే, డబ్బా మీది బొమ్మలాగా మాత్రం ఎవరూ అవ్వరు.

ఇప్పుడు మా రూమ్మేట్ సంగతి. వాడిది మిర్యాలగూడ. ఎవరో చెప్పారని "లోడింగ్" మొదలుపెట్టాడు. అంటే రోజుకి 20 గ్రాములు, ఐదేసి గ్రాముల చొప్పున నాలుగుసార్లు, ఐదారు రోజులు. రెండో రోజు ఓపిక లేక రెండు డోసులు ఒకేసారి తాగాడు, క్లాసులో కూర్చోలేక బాత్‌రూమ్‌కి పరుగులు. వారం తిరిగేసరికి 62 కిలోలవాడు 63.5 అయ్యాడు. ఇంటికి వెళ్తే వాళ్లమ్మ "ఏందిరా, ఒళ్లు ఉబ్బినట్టుంది?" అంది.

ఆ కిలోన్నర కొవ్వు కాదు, వారంలో వచ్చిన కండ కూడా కాదు. నీళ్లు. క్రియాటిన్ కండర కణంలోకి వెళ్తూ తనతోపాటు నీటిని లాక్కుంటుంది. మన ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే ఆస్మాసిస్. ఆ నీరు ఎక్కువగా కణాల లోపలే ఉంటుంది, వాడటం ఆపితే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కానీ కాలి మడమ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండటం, పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బడం, మూత్రంలో నురగ ఆగకపోవడం, ఇవి వేరు. వాటిని క్రియాటిన్ మీదికి నెట్టేయకుండా డాక్టర్‌కి చూపించాలి.

అసలు లోడింగ్ అవసరమే లేదు. 1996లో హల్ట్‌మన్ బృందం పోల్చి చూసింది: ఆరు రోజులు 20 గ్రాములు తీసుకున్నా, రోజుకి 3 గ్రాముల చొప్పున 28 రోజులు తీసుకున్నా కండరాల్లో నిల్వ దాదాపు ఒకేలా, 20 శాతం దాకా పెరిగింది. నెల ఆగగలిగితే కడుపు నొప్పీ ఉండదు, ఒక్కసారిగా పెరిగే బరువూ ఉండదు. మామూలుగా రోజుకి 3 నుంచి 5 గ్రాములు చాలు. జిమ్‌కి వెళ్లని రోజు కూడా వేసుకోవాలి, ఏ టైమైనా పర్లేదు. డబ్బాలోని స్కూప్ ఎన్ని గ్రాములో లేబుల్ మీద చూడండి, ఇంట్లో చెంచా లెక్క నమ్మొద్దు.

రూమ్మేట్ కథ ఇంకా ఉంది. తర్వాత వేరే పని మీద రక్త పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.4 వచ్చింది, ల్యాబ్ హద్దు 1.2. వాడి మొహం పాలిపోయింది. క్రియాటినిన్ అనేది క్రియాటిన్ అరిగాక మిగిలే వ్యర్థం. కిడ్నీలు దాన్ని బయటికి పంపుతాయి కాబట్టి అది పెరిగితే కిడ్నీ పని తగ్గిందేమో అని అనుమానిస్తారు. కానీ ముడిసరుకే ఎక్కువగా లోపలికి వెళ్తే వ్యర్థం కూడా కాస్త పెరుగుతుంది. ముందురోజు గట్టిగా లెగ్స్ కొట్టినా పెరగొచ్చు. డాక్టర్ పొడి సంగతి అడిగి, అది ఆపించి, మూత్రంలో ఆల్బుమిన్ చూపించి, మూడు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించారు. ఆల్బుమిన్ లేదు, క్రియాటినిన్ 1.0కి దిగింది. అనుమానం మిగిలితే సిస్టాటిన్ సి అనే ఇంకో పరీక్ష ఉంది, దాని మీద క్రియాటిన్ ప్రభావం ఉండదు. కాబట్టి రక్తం ఇచ్చేముందు "క్రియాటిన్ వాడుతున్నా" అని చెప్పండి, దాచొద్దు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఈ మోతాదు కిడ్నీలను పాడుచేసినట్టు పరిశోధనల్లో తేలలేదు. ఈ మాట అందరికీ వర్తించదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఒకటే కిడ్నీ ఉన్నవాళ్లు డాక్టర్ ఒప్పుకోకుండా ముట్టొద్దు. షుగర్, బీపీ ఉంటే ముందు కిడ్నీ పరీక్ష చేయించుకోవాలి. మోకాళ్ల నొప్పులని ఏళ్ల తరబడి మెడికల్ షాపులో నొప్పి గోళీలు కొనుక్కుని మింగేవాళ్లు మన ఊళ్లలో చాలామంది, ఆ గోళీలే కిడ్నీలకు భారం, దాని మీద ఇది కూడా వద్దు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగినంత సమాచారం లేదు. బైపోలార్ డిజార్డర్‌కి మందులు వాడేవాళ్లు కూడా ముందు తమ డాక్టర్‌ని అడగాలి. ఇంటర్ చదివే తమ్ముళ్లు అడిగితే నేను 18 దాటేదాకా ఆగమనే చెప్తా.

వాంతులు, విరేచనాలు అయ్యే రోజుల్లో, ఎండదెబ్బ తగిలినప్పుడు నాలుగు రోజులు ఆపేయండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు అదనపు పని పెట్టడం ఎందుకు? ఆ నాలుగు రోజుల్లో కండరాల్లో నిల్వ ఎక్కడికీ పోదు.